స్నేహితురాలి జ్ఞాపకాన్ని దిద్దడం

హాస్టల్‌లో నా పక్క మంచం స్నేహితురాలు తన చిన్ననాటి జ్ఞాపకాలు రాస్తోంది. ఆమెది జగిత్యాల వైపు పల్లె. వాళ్ళ బాపు దుబాయి వెళ్ళిన రోజు గురించి ఆరు పేజీల అధ్యాయం రాసి, "తప్పులుంటే దిద్దు, సాగదీసినట్టుంటే చెప్పు" అని నాకిచ్చింది. అందులోని చివరి భాగం ఇది:

"తెల్లారంగనే లేచినం. అమ్మ నీళ్ళు కాగవెట్టి నేను మొకం కడుక్కొని బాపు పెట్టె కట్టిండు. పెట్టె మీద బాపు పేరు రాసింది నేనే. పెద్ద పెద్ద అక్షరాలు. బస్టాండ్ చాలా ధూరం. బాపు భాద పడుతున్నాడు కానీ చెప్పలే. పెట్టెను బస్సు మీదికి ఎక్కించిండ్రు. బస్సు పోయింది. పేరు కనవడుతనే ఉన్నది. పేరు కనవడుతనే ఉన్నది."

నేను ఒక్క సాయంత్రంలో దిద్దేశాను. 'లేచినం' తీసి 'లేచాము' అని, 'బాపు' తీసి 'నాన్నగారు' అని రాశాను. చివరి మూడు వాక్యాలను కలిపి "బస్సు కనుమరుగయ్యే వరకు పేరు కనిపిస్తూనే ఉంది" అన్నాను. సెలవులకు వెళ్ళినప్పుడు ఆమె దాన్ని వాళ్ళ నాయనమ్మకు చదివి వినిపించింది. ఆ ముసలమ్మ అంతా విని, "ఎవలు రాసిచ్చిండ్రు బిడ్డా?" అని అడిగిందట.

ఆ ప్రశ్నతో మళ్ళీ మొదటి ప్రతి తీసి కూర్చున్నాం. ఈసారి ప్రతి దిద్దుబాటుకూ ముందు ఒకటే అడుగుకున్నాం: ఇది తప్పా, ఆమె మాట తీరా?

మొదట, అనుమానం లేని తప్పులు. 'ధూరం' అన్నది 'దూరం' కావాలి, 'భాద' అన్నది 'బాధ' కావాలి. ఒత్తు ఉండకూడని చోట పడింది, ఉండవలసిన చోట పోయింది. ఇవి ఏ ఊరి మాటా కావు, చేతి పొరపాట్లు. వీటిని ఎవరినీ అడగకుండా నీలం పెన్నుతో దిద్దవచ్చు. 'లేచినం', 'కట్టిండు', 'ఎక్కించిండ్రు' అలాంటివి కావు. అవి తెలంగాణ మాటలో క్రియకు ఉండే సరైన రూపాలు. 'బాపు కట్టిండు', 'నేను రాసిన', 'మేం లేచినం' అని కర్తను బట్టి క్రియ క్రమంగా మారుతోంది. నియమం ఉన్నచోట తప్పు లేదు. మనం ఏటా సెప్టెంబరు 9న కాళోజీ జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన వాదించింది కూడా ఈ మాట కోసమే.

రెండోది వాక్య నిర్మాణం. "అమ్మ కాగవెట్టి నేను కడుక్కొని బాపు కట్టిండు" అన్న వాక్యం చదివితే ఎవరు ఏం చేశారో చిక్కుపడుతుంది. 'కాగవెట్టి', 'కడుక్కొని' అన్నవి క్త్వార్థకాలు. మామూలుగా వాటి కర్త, చివరి క్రియ కర్త ఒకరే కావాలి. "వానలు కురిసి పంటలు పండాయి" వంటి వాక్యాల్లో కర్తలు వేరైనా చెల్లుతుంది, ఎందుకంటే మొదటి పని రెండోదానికి కారణం. ఇక్కడ అలాంటి సంబంధం లేదు. కాబట్టి విడదీయాలి. అయితే ఎవరి మాటల్లో? ఆమె రూపాల్లోనే: "అమ్మ నీళ్ళు కాగవెట్టింది. నేను మొకం కడుక్కున్న. బాపు పెట్టె కట్టిండు." వ్యాకరణం కుదిరింది, కొత్త మాట ఒక్కటీ రాలేదు. పైగా ఇవి ఆమెకు అలవాటైన పొట్టి వాక్యాలే.

మూడోది తప్పో తీరో తెలియనివి. వీటి పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టాను. 'కట్టిండు' అని రాసిన మనిషే 'పడుతున్నాడు' అని ఎందుకు రాసింది? చదివి వినిపిస్తే తనే ఆగి, "పడుతుండె అంటా. అక్కడ పాఠం రాసినట్టు రాసిన" అని మార్చుకుంది. జరిగిపోయిన కథలో వర్తమానం దూరిన దోషం కూడా దానితోనే పోయింది. 'చాలా' దగ్గర మాత్రం నేను పొరపడ్డాను. 'శాన' అని మారిస్తే ఊరి మాటకు దగ్గరగా ఉంటుందనుకున్నాను. "హాస్టల్‌కొచ్చినంక నేను చాలా అనే అంటున్న" అంది. యాసను తుడిచేయడం ఎంత తప్పో, మనిషి దగ్గర లేని యాసను అద్దడమూ అంతే తప్పు. ఆమె గొంతులో ఊరూ ఉంది, హాస్టలూ ఉంది.

ఇక నడక. ఆరు పేజీల్లో బస్సు ఐదో పేజీకి గానీ రాదు. ఎక్కడ సాగిందో తెలుసుకోవడానికి ప్రతి పేరా పక్కన, అందులో కొత్తగా ఏం తెలిసిందో ఒక్క మాటలో రాశాను. మూడు పేరాల పక్కన 'చలి' అనే వచ్చింది. ఏది ఉంచాలో ఆమెనే ఎంచుకోమన్నాను. కుక్క బాపు వెంట నడిచిన పేరా ఉంచి మిగతా రెండూ కొట్టేసింది. ఏజెంటుకు కట్టిన అప్పు సంగతి సరిగ్గా బస్సు వచ్చే ముందు ఉండి కథను ఆపేస్తోంది. అది తీసేయదగ్గది కాదు, అప్పు లేకుంటే ప్రయాణమే లేదు. అందుకని దాన్ని ముందు రోజు సాయంత్రానికి జరిపాం.

ఒక చోట ఆమె ఒప్పుకోలేదు. అమ్మ తొక్కు డబ్బ మూతను మూడుసార్లు బిగించిన పేరాలో చెప్పిందే చెప్పినట్టుందని గీత పెట్టాను. "అమ్మ ఆ రోజు మాట్లాడలే. మూతనే బిగించింది" అంది. గీత చెరిపేశాను.

చివర రెండుసార్లు వచ్చిన "పేరు కనవడుతనే ఉన్నది" సంగతి? ఒకటి తీసి పైకి చదివి చూశాం. బస్సు చటుక్కున మాయమైంది. రెండూ ఉంచి చదివితే మొదటిసారికి బస్సు కదిలింది, రెండోసారికి దూరమైంది. ఆ వాక్యం అంతసేపు ఆ పిల్లను రోడ్డు మీదే నిలబెడుతోంది. తీస్తే ఏదైనా పోయిందంటే అది పునరుక్తి దోషం కాదు. అదే పేజీలో నాలుగుసార్లు వచ్చిన 'అప్పుడు' తీసేస్తే ఏమీ పోలేదు. అవన్నీ తీసేశాం.

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి ఆత్మకథ పేరు 'అనుభవాలూ - జ్ఞాపకాలూనూ'. నాలాంటి వాళ్ళ చేతికిస్తే ఆ దీర్ఘాలూ, ఆ 'నూ' తీసేసి 'అనుభవాలు, జ్ఞాపకాలు' అని దిద్ది ఉండేవాళ్ళం. దిద్దిన పేరులో వ్యాకరణ దోషమేమీ ఉండదు. మాట్లాడుతున్న మనిషి మాత్రం ఉండడు.

ఇప్పుడు ఎవరి రాత చేతికొచ్చినా మొదటిసారి పెన్ను పట్టకుండా చదువుతున్నాను. కొట్టేయడం, జరపడం, అడగడం వరకే నా పని. సొంత వాక్యం కలపను. అతుకు అవసరమైతే ఆ అధ్యాయంలోనే రచయిత వాడిన మాట వెతుకుతాను. అంతా అయ్యాక వాళ్ళ చేతే పైకి చదివిస్తాను. నాలుక తడబడిన చోట సాధారణంగా నా చెయ్యి పడి ఉంటుంది.

మా అధ్యాయం ఇప్పుడు నాలుగు పేజీలకు వచ్చింది. చివరి భాగం ఇలా ఉంది:

"తెల్లారంగనే లేచినం. అమ్మ నీళ్ళు కాగవెట్టింది. నేను మొకం కడుక్కున్న. బాపు పెట్టె కట్టిండు. పెట్టె మీద బాపు పేరు రాసింది నేనే. పెద్ద పెద్ద అక్షరాలు. బస్టాండ్ చాలా దూరం. బాపు బాధ పడుతుండె కానీ చెప్పలే. పెట్టెను బస్సు మీదికి ఎక్కించిండ్రు. బస్సు పోయింది. పేరు కనవడుతనే ఉన్నది. పేరు కనవడుతనే ఉన్నది."

వచ్చే సెలవుల్లో దీన్ని మళ్ళీ నాయనమ్మకు చదివి వినిపిస్తుందట.