కాదన్న ఉత్తరం ఎలా రాయాలి

చి. బుజ్జికి,

నువ్వు పంపిన ఉత్తరం చదివాను. ముప్ఫై ఏళ్లు క్లెయిముల సెక్షన్‌లో పనిచేసినదాన్ని, నాకే రెండోసారి చదివితే గానీ అర్థం కాలేదు. "పాలసీ షరతులు, నిబంధనల మేరకు తమరి క్లెయిము పరిశీలించబడి, ఎక్స్‌క్లూజన్ కోడ్ 02 కింద అంగీకారయోగ్యం కానందున తిరస్కరించబడినదని తెలియజేయుటకు చింతిస్తున్నాము." ఇంతే. ఖమ్మంలో బట్టల కొట్టు నడుపుకునే మనిషి గాల్‌బ్లాడర్ రాళ్లకు ఆపరేషన్ చేయించుకుని, 78,400 రూపాయలు చేతి నుంచి కట్టి, రెండు నెలలు ఎదురుచూస్తే ఆయన చేతికి వచ్చింది ఈ ఒక్క వాక్యం.

దీన్ని తిరిగి రాయమన్నారని రాశావు. మంచిదే. అయితే మాటలు మార్చేముందు ఫైలు తెప్పించుకుని చూడు. 2024 నుంచి ఐ.ఆర్.డి.ఎ.ఐ. నిబంధన ప్రకారం ఏ ఆరోగ్య క్లెయిమునైనా కమిటీ ఒప్పుకుంటేనే తిరస్కరించాలి, ఏ షరతు కింద తిరస్కరించారో పాలసీదారుకు చెప్పాలి. ఆ కమిటీ రాసిన కారణం ఒకటి, నీ ఉత్తరంలో కారణం ఇంకొకటి కాకూడదు. పోతే, భద్రంగా ఉంటుందని నాలుగు కారణాలు చేర్చే అలవాటు మన ఆఫీసుల్లో ఉంది. అలా చేర్చకు. నిజమైన కారణాన్ని వదిలేయనూ వద్దు. తిరస్కార ఉత్తరంలో లేని కారణాన్ని కంపెనీ తర్వాత కోర్టులో కొత్తగా ఎత్తుకోకూడదని సుప్రీంకోర్టు 2019లో సౌరాష్ట్ర కెమికల్స్ కేసులో చెప్పింది. కాబట్టి నువ్వు రాసే ఆ నాలుగు వాక్యాలే రేపు కంపెనీ వాదన.

ఇక ఈయన విషయం. పాలసీ 2024 ఫిబ్రవరి 10న మొదలైంది, ఆసుపత్రిలో చేరింది 2025 ఏప్రిల్ 18న. కోడ్ 02 అంటే కొన్ని జబ్బులకు పాలసీ మొదలైన నాటి నుంచి ఇన్ని నెలలు ఆగాలన్న షరతు. ఈ పాలసీలో అది 24 నెలలు. కారణం సరైనదే. ఆ సరైన కారణాన్ని నేనైతే ఇలా చెప్పేదాన్ని:

"మీరు అడిగిన 78,400 రూపాయలు చెల్లించలేకపోతున్నాం. మీ పాలసీలో గాల్‌బ్లాడర్ రాళ్ల ఆపరేషన్‌కు మొదటి 24 నెలలు డబ్బు రాదు. మీ పాలసీ 2024 ఫిబ్రవరి 10న మొదలైంది. మీరు 2025 ఏప్రిల్ 18న ఆసుపత్రిలో చేరేనాటికి 14 నెలల 8 రోజులే అయింది. ఈ షరతు మీ పాలసీలో ఎక్స్‌క్లూజన్ కోడ్ 02 దగ్గర ఉంది. ఆ పేజీ కాపీ ఈ ఉత్తరంతో పంపుతున్నాం. మీరు పంపిన కాగితాల్లో లోపం ఏమీ లేదు."

ఆ చివరి వాక్యాన్ని తీసేయమంటారు, తీయకు. కారణం తెలియని మనిషి తప్పు తనదే అనుకుంటాడు. ఏ బిల్లు మరిచిపోయానో, డాక్టరుకు ఏం చెప్పకూడనిది చెప్పానో అని కుమిలిపోతాడు. ఇంకొకటి గమనించు. డబ్బు రాదన్న మాట మొదటి వాక్యంలోనే ఉంది. ఆ మాట కోసం ఆయన పేజీ అంతా వెతుక్కోకూడదు.

ఇంతవరకు చాలామంది రాయగలరు. నేను నీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది దీని తర్వాతి పేరా గురించి. ఏ కాగితం చూపిస్తే ఈ నిర్ణయం మారుతుందో అది కూడా రాయాలి. కోడ్ 02లోనే ఆ దారి ఉంది. ఇంతకుముందు వేరే కంపెనీలో పాలసీ ఉండి, మధ్యలో తెగిపోకుండా మన దగ్గరికి పోర్ట్ చేసుకుని ఉంటే, అక్కడ గడిచిన కాలం 24 నెలల్లోంచి తగ్గుతుంది. బీమా మొత్తం పెంచుకుని ఉంటే, పెంచిన భాగానికి మాత్రం గడువు మళ్లీ మొదలవుతుంది. ప్రమాదం వల్ల వచ్చిన క్లెయిముకు ఈ షరతు వర్తించదు గానీ, రాళ్ల కేసులో ఆ మాట అక్కర్లేదు, రాస్తే లేనిపోని ఆశ పెట్టినట్టవుతుంది.

2013లో నేను కూడా ఇలాంటి ఉత్తరమే ఒక రైతుకు పంపాను, హెర్నియా ఆపరేషన్‌ విషయంలో. ఏడాది తర్వాత ఆయన రెన్యువల్ పని మీద వచ్చి సంచిలోంచి కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. వాటిలో మరో కంపెనీ పాలసీ, మూడేళ్లది, ఒక్క రోజు కూడా తెగకుండా మా పాలసీకి కలిసినది కనబడింది. మా రికార్డులో అది ఎక్కలేదు. "ఇదెందుకు పంపలేదండీ?" అన్నాను. "పంపమని మీరు రాయలేదు కదమ్మా" అన్నాడు. ఫైలు మళ్లీ తెరిచి డబ్బు ఇప్పించాం. కానీ ఆపరేషన్‌కు చేసిన అప్పు మీద ఏడాదిగా ఆయన వడ్డీ కడుతూనే ఉన్నాడు. ఆ వడ్డీ నా ఉత్తరం వల్ల కట్టింది. అందుకే ఇలా రాయి: "ఈ పాలసీకి ముందు వేరే కంపెనీలో ఆరోగ్య బీమా ఉండి, మధ్యలో ఆగకుండా మా దగ్గరికి మార్చుకుని ఉంటే, ఆ పాలసీ కాపీలు పంపండి. మీ క్లెయిము మళ్లీ చూస్తాం."

అప్పీలు గురించి చట్టం పేర్లు ఏకరువు పెట్టకు. ముందు ఎక్కడికి వెళ్లాలి, తర్వాత ఎక్కడికి, ఎప్పటిలోగా అన్నది చాలు. "ఈ నిర్ణయం సరికాదనుకుంటే మా ఫిర్యాదుల అధికారికి రాతపూర్వకంగా పంపండి. 14 రోజుల్లో జవాబు రావాలి. ఆ జవాబు మీకు సమ్మతం కాకపోతే, లేదా నెల గడిచినా జవాబు రాకపోతే, అప్పటి నుంచి ఏడాదిలోగా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు." కింద అధికారి ఫోను, చిరునామా, అంబుడ్స్‌మన్ చిరునామా, ఐ.ఆర్.డి.ఎ.ఐ. సహాయ నంబరు 155255 పెద్ద అక్షరాల్లో ఉండాలి.

వరుస చెప్పడంలో పొరపాటు వస్తే నష్టపోయేది ఆయనే. కంపెనీకి రాయకుండా నేరుగా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తే ఫిర్యాదు తీసుకోరు. అదే విషయం మీద అప్పటికే వినియోగదారుల కమిషన్‌లో కేసు ఉంటే అప్పుడూ తీసుకోరు. కమిషన్‌కు వెళ్లే హక్కూ ఉందని, దానికి రెండేళ్ల గడువని ఒక వాక్యంలో రాయి. "మా నిర్ణయం అంతిమం" అన్న మాట మాత్రం ఎక్కడ కనబడినా కొట్టేయి, అది నిజం కాదు.

ఉత్తరం పూర్తయ్యాక మీ ఆఫీసులో టీ తెచ్చే అబ్బాయికో, వాచ్‌మన్‌కో ఇచ్చి చదవమను. చదివాక కాగితం తీసేసుకుని డబ్బెందుకు రాలేదో, ఇప్పుడేం చేయొచ్చో, ఎప్పటిలోగానో అడుగు. ఎక్కడ తడబడితే అక్కడ వాక్యం మార్చు.

షుగరు ఉన్న సంగతి చెప్పలేదని తిరస్కరించిన కేసు కూడా ఒకటుందన్నావు. దాని మీద ఇప్పుడే ఏమీ రాయకు. "దాచారు" అన్న మాట ఒక మనిషి మీద నింద. పాలసీ ఐదేళ్లు తెగకుండా నడిచి ఉంటే, మోసం రుజువైతే తప్ప ఆ కారణమే చెల్లదు. ప్రపోజల్ ఫారం కాపీ, మొదటి పాలసీ తేదీ నాకు పంపు, ఆదివారం కూర్చుని ఇద్దరం చూద్దాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ