ఏజెన్సీ పెట్టించే ముందు ఆ మెయిల్ సరిగ్గా చదవండి

"ఉద్యోగం రాకపోతే ఏముందండీ, ఏదో ఒక ఏజెన్సీ పెట్టించేస్తాం." గుడివాడ తల్లిదండ్రుల నోట నేను తరచూ వినే మాట ఇది. మొన్న ఒక హోల్‌సేల్ కిరాణా వ్యాపారి, బీకాం పూర్తిచేసిన కొడుకును వెంటబెట్టుకొచ్చి ఫోన్ నా చేతిలో పెట్టారు. చిరుతిళ్ల కంపెనీ పంపిన మెయిల్. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ మూడింటికీ మీరొక్కరే స్టాకిస్టు, ఆరు శాతం మార్జిన్, పెట్టుబడి అయిదు లక్షలు. ఆయన అప్పటికే అర ఎకరం అమ్మే ఆలోచనలో ఉన్నారు.

స్టాకిస్టు కావడానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్, ఫుడ్ లైసెన్స్, కరెంట్ ఖాతా ఉంటే చాలు, డిగ్రీ ఎవరూ అడగరు.

లెక్క అక్కడే వేశాం. నెలకు నాలుగు లక్షల సరుకు అమ్మితే మార్జిన్ 24 వేలు. సేల్స్ కుర్రాడికి 12 వేలు, ఆటో, డీజిల్‌కు 7 వేలు, గోడౌన్‌కు 3 వేలు పోతే మిగిలేది 2 వేలు. ఆ అయిదు లక్షలకు నూటికి రూపాయి వడ్డీ కట్టినా నెలకు 5 వేలు. అంటే అబ్బాయి జీతం లేకుండా పనిచేసి, నెలకు 3 వేలు ఎదురు పెట్టాలి.

మెయిల్‌లో ఒకే వాక్యంలో ఇమిడిన ఆ మూడు చోట్లూ బండికి ఒక్కటి కావు. బందరు, గుడివాడ పట్టణాల్లో కొట్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. దివిసీమకు వెళ్లాలంటే పులిగడ్డ దాటి అవనిగడ్డ, అక్కణ్ణుంచి నాగాయలంక ఒక దారి, కోడూరు ఇంకో దారి. ఆపైన సముద్రమే. ఖాళీ బండితో తిరిగిరావాలి. పైగా అక్కడి చిన్న కొట్లకు అరువు ఇవ్వక తప్పదు. అందుకే దివిసీమను వదిలెయ్యండి, లేదా అవనిగడ్డలో సబ్ స్టాకిస్టును పెట్టే ఖర్చు కంపెనీనే భరించమనండి అన్నాను.

అసలు నష్టం నెలాఖరున మొదలవుతుంది. టార్గెట్ కోసం కంపెనీ మనిషి అడగని పెట్టెలు దింపిపోతాడు. అతని లెక్కలో అవి అమ్ముడైపోయినట్టే, మన లెక్కలో గోడౌన్‌లో మూలుగుతున్నట్టు. గడువు తీరిన ప్యాకెట్లు వెనక్కి తీసుకుంటారా, స్కీముల క్లెయిమ్‌కు ఎన్నాళ్లలో క్రెడిట్ నోట్ ఇస్తారు? ఈ రెంటికీ ఫోన్లో చెప్పే సమాధానం చెల్లదు, మెయిల్‌లోనే రాయించుకోవాలి.

మెయిల్ అసలుదో కాదో కూడా చూడాలి. ప్యాకెట్ మీది 14 అంకెల ఫుడ్ లైసెన్స్ నంబర్‌నూ, కంపెనీ జీఎస్టీ నంబర్‌నూ ప్రభుత్వ సైట్లలో కొట్టి చూడండి. డిపాజిట్ ఎవరో వ్యక్తి ఖాతాలో వెయ్యమంటే ఆ మాట అక్కడితో ఆపెయ్యండి.

నా ఓటు మాత్రం ముందు ఏడాదిపాటు ఎవరైనా డిస్ట్రిబ్యూటర్ దగ్గర సేల్స్ ఉద్యోగానికే. ఏ కొట్టు వాయిదాలు వేస్తుందో, ఏ సరుకు కదలదో వేరేవాళ్ల డబ్బుతో తెలుస్తుంది. ఆ అబ్బాయి ఇప్పుడు బందరులో బీట్ తిరుగుతున్నాడు. వాళ్ల నాన్నగారు నాతో ఇంకా ముభావంగానే ఉన్నారు.