తెర మీది లెహెంగా: ఏది నమ్మవచ్చు, ఏది నమ్మకూడదు



వర్చువల్ ప్రివ్యూ అంటే ఫొటోలోని మనిషికి లెహెంగా బొమ్మను తొడిగి చూపడం. సాఫ్ట్‌వేర్ ముందుగా ఫొటోలో భుజాలు, నడుము, మోకాళ్లు, పాదాలు ఎక్కడున్నాయో గుర్తిస్తుంది. ఆ తర్వాత, ఎవరో మోడల్ వేసుకోగా తీసిన లెహెంగా ఫొటోను ఆ గుర్తులకు సరిపోయేలా సాగదీస్తుంది, కుదిస్తుంది, లేదా మళ్లీ కొత్తగా గీస్తుంది. ఈ పనిలో ఎక్కడా టేపు పట్టరు, గుడ్డ కత్తిరించరు. ప్రివ్యూకు ఉన్న బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

ప్రివ్యూ బాగా చూపేది జోడింపు. రాణీ రంగు లంగా మీదికి బంగారు రంగు బ్లౌజు నప్పుతుందా, చిలకాకుపచ్చ నప్పుతుందా, దుపట్టా అదే రంగులో ఉండాలా, ఎదురు రంగులో ఉండాలా అన్నది నిమిషాల్లో తేలిపోతుంది. మెడ ఆకారం, చేతుల పొడవు, దుపట్టాను ఓణీలా చుట్టుకుంటే ఎలా ఉంటుంది, ఒక భుజం మీద వదిలేస్తే ఎలా ఉంటుంది అన్నవి కూడా నమ్మకంగానే కనిపిస్తాయి. ఒంటికి అతుక్కుని మోకాళ్ల దగ్గర విచ్చుకునే ఫిష్ కట్, నడుము నుంచే విచ్చుకునే కలీల లెహెంగా, ఈ రెండింటిలో ఏది బాగుంటుందో తేల్చుకోవడానికీ పనికొస్తుంది. అయితే ఫొటో సరిగ్గా ఉండాలి. పగటి వెలుతురులో, ఒంటికి పట్టి ఉండే బట్టలతో, జుట్టు వెనక్కి వేసుకుని, నిటారుగా నిలబడాలి. ఫోను నడుము ఎత్తులో, ఎనిమిది పది అడుగుల దూరంలో ఉండాలి. తల ఎత్తు నుంచి దగ్గరగా తీస్తే కాళ్లు పొట్టిగా పడతాయి. అప్పుడు లంగా కూడా పొట్టిగానే కనిపిస్తుంది.

ప్రివ్యూ ఎక్కువగా మోసం చేసేది అంచు విషయంలో. ఉదాహరణకు, పొడవాటి మోడల్ వేసుకున్న లెహెంగా పొడవు 44 అంగుళాలు, కింది జరీ అంచు 12 అంగుళాలు అనుకుందాం. అంచు పైన మిగిలేది 32 అంగుళాలు. అందులో ఎనిమిదేసి అంగుళాల ఎడంతో నాలుగు వరసల బుటీలు ఉన్నాయి. కొనే అమ్మాయికి కావలసిన పొడవు 38 అంగుళాలే. సాఫ్ట్‌వేర్ బొమ్మను మొత్తంగా కుదిస్తుంది. కాబట్టి తెర మీద అంచు పదిన్నర అంగుళాల లోపుకు తగ్గి, నాలుగు వరసల బుటీలూ పొందికగా కనిపిస్తాయి. నిజమైన గుడ్డ అలా కుదించుకోదు. దర్జీ పొడవు తగ్గించేటప్పుడు అంచును ముట్టుకోడు, నడుము వైపు నుంచి ఆరు అంగుళాలు కోస్తాడు. అంచు 12 అంగుళాలే ఉండిపోతుంది, పైన 26 అంగుళాలు మాత్రమే మిగులుతుంది. ఒక వరస బుటీలు చాలావరకు ఆ కోతలో పోతాయి. లంగాలో దాదాపు మూడో వంతు అంచే అవుతుంది కనుక, మనిషి ఉన్నదానికన్నా పొట్టిగా కనిపించే అవకాశం ఉంది. అందుకే పెద్ద అంచు లెహెంగా నచ్చినప్పుడు, అసలు అంచు ఎన్ని అంగుళాలు, పొడవు తగ్గిస్తే ఎక్కడ కోస్తారు అన్న రెండు ప్రశ్నలు ముందే అడగాలి. అంచు నేతలో భాగం కాకుండా విడిగా కుట్టేదైతే, దాన్ని తొమ్మిది అంగుళాలకు తగ్గించుకునే వీలుంటుంది.

ప్రివ్యూకు అందని రెండో విషయం ఘేరు, అంటే లంగా కింది చుట్టుకొలత. కింద 11 అంగుళాల వెడల్పు వచ్చే కలీలు 12 కలిపితే ఘేరు 132 అంగుళాలు, 16 కలిపితే 176 అంగుళాలు. కదలకుండా నిలబడిన బొమ్మలో, లోపల క్యాన్‌క్యాన్ వేసి ఉంటే, రెండూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తేడా నడిచినప్పుడు, తిరిగినప్పుడు, పీటల మీద కూర్చున్నప్పుడు తెలుస్తుంది. కలీలు పెరిగితే గుడ్డ, పని, బరువు కూడా పెరుగుతాయి. జర్దోసీ, మగ్గం పని నిండుగా చేసిన లెహెంగా ఐదారు కిలోలు తూగడం మామూలే. ఆ బరువంతా నడుము మీదే పడుతుంది. నాడా ఒక్కటే ఉంటే లంగా కొద్దికొద్దిగా కిందికి జారి అంచు నేలకు రాసుకుంటుంది. తెర మీది లంగా మాత్రం గీసిన చోటే నిలబడి ఉంటుంది. కాబట్టి షాపులో అలాంటి బరువున్న లెహెంగానే ఒకటి కట్టుకుని పది నిమిషాలు నడిచి, కూర్చుని, మెట్లెక్కి చూడాలి.

మూడోది రంగు. ఫోనులో రాత్రిపూట తెరను పసుపుగా మార్చే సెట్టింగు పెట్టి ఉంటే మెరూన్ ఇటుక రంగులోకి మళ్లుతుంది. అది తీసేసినా ఒక్కో తెర ఒక్కో రంగు చూపుతుంది. పట్టులో ఇంకో చిక్కు ఉంది. నెమలికంఠం లాంటి రంగుల్లో పడుగు ఒక రంగు, పేక మరో రంగు. గుడ్డ కదిలేకొద్దీ ఒకసారి నీలం, ఒకసారి ఆకుపచ్చ పైకి వస్తుంది. ఫొటో వాటిలో ఒక్క క్షణాన్నే పట్టుకుంటుంది. జరీ మెరుపు కూడా అంతే. అందుకని జానెడు గుడ్డముక్క తీసుకుని, ఒకసారి పగటి ఎండలో, ఒకసారి ఫంక్షన్ హాల్లో ఉండే పసుపు దీపాల కింద ముఖం పక్కన పెట్టి చూడాలి. పెళ్లి రాత్రిపూటైతే రెండో పరీక్షకే ఎక్కువ విలువ ఇవ్వాలి.

నాలుగోది కొలత. ప్రివ్యూలో ఏ బ్లౌజైనా అతికినట్టు సరిపోతుంది, ఎందుకంటే ఒంటి రేఖ ఎలా ఉంటే బొమ్మను అలా మలుస్తారు. చంక దగ్గర పట్టేయడం, ఊపిరి తీస్తే హుక్కులు లాగడం, వెనక డోరీ జారడం అందులో కనిపించవు. నడుమును నిలబడీ కూర్చునీ రెండుసార్లు కొలవాలి, కూర్చుంటే అది పెరుగుతుంది. పొడవు ఆ రోజు వేసుకోబోయే చెప్పులతోనే కొలవాలి. వట్టి కాళ్లతో తీసిన ఫొటోలో నేలను తాకుతున్న లంగా, మూడంగుళాల మడమల మీద చీలమండలు కనిపించేంత పైకి లేస్తుంది.

కొన్ని గుర్తులు చూస్తే ప్రివ్యూలో ఎక్కడ కల్పన ఉందో పట్టుకోవచ్చు. నిజమైన లంగాలో మడత వచ్చినచోట బుటీ కూడా విరుగుతుంది. బొమ్మలో మడత మీదుగా బుటీ పూర్తిగా, చదునుగా కనిపిస్తే అది అతికించినదే. దుపట్టా మీద చెయ్యి పడినచోట అంచు కరిగిపోయినట్టున్నా, ఎడమ కుడి చేతుల మీద పని వేర్వేరుగా ఉన్నా, ఆ పనిని సాఫ్ట్‌వేర్ సొంతంగా గీసిందని అర్థం. మగ్గం పని వివరాలు ఎప్పుడూ అసలు గుడ్డ దగ్గరి ఫొటో చూసే ఖాయం చేసుకోవాలి.

ఇవన్నీ ఒక వరసలో జరగాలి. ప్రివ్యూతో నమూనాను, జోడింపును ఎంచుకోవాలి. గుడ్డముక్కతో రంగు నిర్ణయించాలి. టేపుతో పొడవు, నడుము, అంచు, ఘేరు రాయించుకుని, ఆ కాగితం మీద ఉన్నదానికే అడ్వాన్సు ఇవ్వాలి. కుట్లలో రెండు పక్కలా అంగుళం చొప్పున మార్జిన్ వదలమని చెప్పాలి. చెప్పులతో, నగలతో చేసే ట్రయల్ పెళ్లికి కనీసం రెండు వారాల ముందు ఉండాలి, ఎందుకంటే బరువైన లెహెంగా నడుము విప్పి మళ్లీ కుట్టడం ఒక్క పూటలో అయ్యే పని కాదు.