సిలిండరు గేజీ, ఐసు దిమ్మ: ఫేజ్ డయాగ్రమ్ చదవడం ఎలా?

విశాఖ ఆటోనగర్‌లో ఒక వెల్డింగు మేస్త్రీ సీఓటూ సిలిండరు పక్కన నిలబడి నాతో అన్నాడు: “నిన్నటిదాకా ముల్లు కదల్నేదండి. ఇయాల ఒక్కసారే పడిపోతన్నాది. గేజీ పాడైపోనాదేటో!”

గేజీ బాగానే ఉంది. ముల్లు ఎందుకలా పడిందో ఇంటర్ పుస్తకంలోని మూడు గీతల బొమ్మ చెబుతుంది. దాన్నే ఫేజ్ డయాగ్రమ్ అంటారు. ముందు నీళ్ల బొమ్మ చదివి, తర్వాత ఆ సిలిండరు దగ్గరికి వద్దాం.

తెల్లకాగితం మీద అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా పీడనం వేయండి. పీడనానికి 1, 2, 3 అని కాకుండా 0.001, 0.01, 0.1, 1, 10, 100, 1000 బార్ అని సమాన దూరంలో గుర్తులు పెట్టండి. అలా పెట్టకపోతే అసలు విషయమంతా అడుగున ఇరుక్కుపోతుంది. తర్వాత 1 బార్ దగ్గర ఎర్ర పెన్సిలుతో ఒక అడ్డగీత గీయండి. మన చుట్టూ ఉన్న గాలి పీడనం దాదాపు అంతే. విశాఖ సముద్రం ఒడ్డునే ఉంది కాబట్టి ఎత్తు కోసం సవరణ కూడా అక్కర్లేదు.

ఇప్పుడు నీటికి త్రిక బిందువు పెట్టండి: 0.01 డిగ్రీల సెల్సియస్, 0.006 బార్. మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి నిలకడగా ఉండగలిగేది ఇక్కడే. ఇక్కడి నుంచి మూడు గీతలు బయల్దేరతాయి. కిందికి ఎడమవైపు దిగేది మంచుకీ ఆవిరికీ మధ్య సరిహద్దు. పైకి కుడివైపు వంగేది నీటికీ ఆవిరికీ మధ్య సరిహద్దు. అది 374 డిగ్రీలు, 221 బార్ దగ్గర ఆగిపోతుంది. ఆ చివరే సందిగ్ధ బిందువు. మూడోది దాదాపు నిట్టనిలువుగా లేచే ద్రవీభవన గీత. దానికి ఎడమవైపు మంచు, కుడివైపు నీరు.

చదవడమంటే ఎర్రగీత వెంట వేలు జరపడమే. ఎడమ నుంచి కుడికి వెళితే 0 దగ్గర ఒక సరిహద్దు, 100 దగ్గర ఇంకొకటి దాటతారు. మంచు నీరైంది, నీరు ఆవిరైంది. ఒక జాగ్రత్త: ఈ బొమ్మ గాలీ ఉప్పూ కలవని శుద్ధమైన నీటికి. దండెం మీద బట్టలు 30 డిగ్రీలకే ఆరిపోతున్నాయేమని దీన్ని అడిగితే జవాబు దొరకదు.

ద్రవీభవన గీత దగ్గర కాస్త ఆగాలి. నీటి విషయంలో అది ఎడమవైపు వాలుతుంది. మంచు నీటికంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, అందుకే తేలుతుంది. గట్టిగా నొక్కితే తక్కువ చోటు పట్టే రూపానికి, అంటే నీటికి, మొగ్గుతుంది. అయితే ఎంత నొక్కాలి? ఒక్క డిగ్రీ తగ్గడానికి సుమారు 135 బార్ కావాలి. కొలత ప్రకారం గీస్తే మామూలు పీడనాల దగ్గర ఈ వాలు కంటికి ఆనదు. పుస్తకాల్లో పిల్లలకు కనిపించాలని సాగదీసి గీస్తారు. అది చూసి చాలామంది మంచును కాస్త నొక్కితే చాలు కరిగిపోతుందనుకుంటారు.

ఫిషింగ్ హార్బర్‌లో చేపలకు వాడే ఐసు దిమ్మలనే లెక్కకు తీసుకుందాం. మూడు మీటర్ల ఎత్తున పేర్చితే అడుగు దిమ్మ మీద పడే అదనపు పీడనం 0.27 బార్. దాన్ని 135తో భాగిస్తే 0.002 డిగ్రీ. అడుగు దిమ్మ ముందు కరిగితే దానికి కారణం పై బరువు కాదు, నేల వేడి. దిమ్మను తీగతో కోసే ప్రయోగమూ ఇంతే. అర మిల్లీమీటరు మందం తీగను 20 సెంటీమీటర్ల వెడల్పు దిమ్మ మీద వేసి, రెండు చివర్లా కలిపి 20 కిలోలు వేలాడదీస్తే పీడనం 20 బార్ దాకా వస్తుంది. కరిగే ఉష్ణోగ్రత 0.15 డిగ్రీ తగ్గుతుంది. సున్నా దగ్గరే ఉన్న దిమ్మలోకి తీగ దిగుతుంది, పైన నీరు మళ్లీ గడ్డకడుతుంది. మైనస్ 18లో ఉన్న ఫ్రీజర్ మంచును ఇలా కరిగించాలంటే 1,800 బార్ దాకా కావాలి. అంతకంటే ముందు తీగే తెగుతుంది.

ఇక కార్బన్ డయాక్సైడ్ బొమ్మ. మూడు గీతలూ అవే, ఆకారమూ దాదాపు అదే. కానీ త్రిక బిందువు మైనస్ 56.6 డిగ్రీలు, 5.2 బార్ దగ్గర ఉంది. అంటే ఎర్రగీతకు పైన! వేలు జరిపి చూడండి. మైనస్ 78.5 దగ్గర ఘనం నుంచి నేరుగా వాయువులోకి వెళ్లిపోతారు, మధ్యలో ద్రవం తగలదు. డ్రై ఐస్ నేలను తడపకపోవడానికి కారణం ఇదే. ద్రవీభవన గీత ఇక్కడ కుడివైపు వాలుతుంది, ఎందుకంటే ఘన రూపమే బరువైనది, ద్రవంలో వేస్తే మునుగుతుంది. దీన్ని నొక్కితే కరగడం ఇంకా కష్టం.

ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ నొక్కినప్పుడు జరిగేదీ ఇదే బొమ్మలో ఉంది. లోపలి ద్రవం బయటి 1 బార్‌కు దిగుతూ 5.2 దాటగానే ద్రవంగా ఉండలేదు. కొంత వాయువవుతుంది, కొంత తెల్లటి పొడి మంచవుతుంది. ఆ మంచు మైనస్ 78లో ఉంటుంది కాబట్టి కొమ్ము దగ్గర వట్టి చెయ్యి పెట్టకండి.

ఇప్పుడు మేస్త్రీ సిలిండరు. 47 లీటర్ల సిలిండరులో 30 కిలోల గ్యాసు ఉందనుకుందాం. 25 డిగ్రీల దగ్గర నిలువుగా పైకి వెళితే ద్రవ, వాయు సరిహద్దు 64 బార్ దగ్గర తగులుతుంది. లోపల రెండూ ఉన్నంతసేపూ పీడనం ఆ గీత మీదే ఉండాలి. గ్యాసు వాడితే ద్రవం ఆవిరై ఆ లోటు పూడుస్తుంది. అందుకే ముల్లు కదలదు. ద్రవం అయిపోయాక మాత్రం గీత వదిలి కిందికి జారుతుంది. విచిత్రమేమిటంటే, ఆ క్షణంలో సిలిండరు ఖాళీ కాదు. 25 డిగ్రీల దగ్గర ఆ వాయువు లీటరుకు 240 గ్రాములుంటుంది కాబట్టి 47 లీటర్లలో ఇంకా 11 కిలోలుంటుంది. గబగబా వాడితే సిలిండరు చల్లబడి, ముల్లు కాస్త ముందే దిగి మోసం చేస్తుంది. పని ఆపి కొంతసేపు ఉంచితే మళ్లీ లేస్తుంది.

మే నెలలో కథ మారుతుంది. ఈ సరిహద్దు గీత 31 డిగ్రీలు, 74 బార్ దగ్గరే ముగుస్తుంది. షెడ్డులో 35 ఉంటే సిలిండరులో ద్రవమూ లేదు, వాయువూ వేరుగా లేదు. నిండు సిలిండరు 90 బార్ దగ్గర చూపిస్తుంది, వాడుతున్నకొద్దీ ముల్లు మొదటి నుంచీ మెల్లగా దిగుతూ ఉంటుంది. ఎండలో పెడితే పీడనం ఇంకా ఎగబాకుతుంది కాబట్టి నీడన ఉంచాలి.

కాబట్టి ఎంత మిగిలిందో ముల్లును అడగకండి. సిలిండరు భుజం మీద ఖాళీ బరువు చెక్కి ఉంటుంది. కాటా మీద పెట్టి, వచ్చిన బరువులోంచి అది తీసేయండి.