స్కాన్ సరిగ్గా వచ్చిందా? గుండ్రటి సీలును అడగండి



టీసీ, జనన ధ్రువపత్రం, మార్కుల మెమో లాంటివి అప్‌లోడ్ చేయమన్నప్పుడు చాలామంది ఇళ్లలో జరిగేది ఒకటే. కాగితాన్ని మంచం మీద పెట్టి ఫోటో తీస్తాం. చుట్టూ కనిపించే దుప్పటిని గ్యాలరీలో క్రాప్ చేసి పంపేస్తాం. కానీ మామూలు క్రాప్‌కు నిలువుగా, అడ్డంగా కత్తిరించడమే తెలుసు. ఫోటోలో మన కాగితం దీర్ఘచతురస్రంగా ఉండదు. మనం అడుగువైపు నిలబడి ఫోన్ వంచి తీస్తాం కాబట్టి దగ్గరున్న అడుగు అంచు పొడవుగా, దూరంగా ఉన్న పై అంచు పొట్టిగా పడతాయి. మీ అబ్బాయి లెక్కల పుస్తకంలోని ట్రెపీజియం అన్నమాట. దాన్ని ఎలా కత్తిరించినా ఒక మూల దుప్పటి మిగులుతుంది, లేదంటే రిజిస్టర్ నంబరు తెగిపోతుంది.

ఇక్కడ కావాల్సింది నాలుగు మూలల సవరణ. ఐఫోన్‌లో నోట్స్ యాప్‌లోని Scan Documents, ఆండ్రాయిడ్‌లో గూగుల్ డ్రైవ్ యాప్‌లోని స్కాన్ సదుపాయం ఈ పని చేస్తాయి. కాగితం నాలుగు మూలల్లో చుక్కలు పెడితే, ఆ నాలుగూ అసలు దీర్ఘచతురస్రం మూలలని లెక్కగట్టి మధ్యలోని బొమ్మనంతా అందుకు తగ్గట్టు సాగదీస్తాయి. యాప్ చుక్కలు తనే పెడుతుంది గానీ, తెల్ల కాగితాన్ని తెల్ల టైల్స్ మీద పెడితే అంచు ఎక్కడుందో పోల్చుకోలేక తడబడుతుంది. ముదురు రంగు టేబుల్ అయితే ఈ ఇబ్బంది ఉండదు. చుక్క తప్పుగా పడితే వేలితో జరపండి. మూల మడిగిపోయినా, చిరిగిపోయినా చుక్కను చిరుగు దగ్గర ఆపకండి. రెండు అంచులనూ మనసులోనే పొడిగించి, అవి కలుసుకునే చోట, ఖాళీ టేబుల్ మీదైనా సరే, అక్కడే పెట్టండి.

సాగదీయడానికి ఒక హద్దుంది. ఒక ఎ4 కాగితాన్ని ఫోన్ వంచి తీశారనుకోండి. ఫోటోలో అడుగు అంచు 2400 పిక్సెళ్లు, పై అంచు 1800 పిక్సెళ్లు వచ్చాయి. ఎ4 వెడల్పు సుమారు 8.27 అంగుళాలు. అంటే అడుగున అంగుళానికి 290, పైన 218 పిక్సెళ్లు ఉన్నట్టు. 200 ఉంటే మామూలు అక్షరాలు చదవడానికి చాలు కాబట్టి ఈ ఫోటో పనికొస్తుంది. అదే ఫోన్‌ను బాగా వంచి, పై అంచు 900 పిక్సెళ్లకు పడిపోతే? సవరణ తర్వాత కాగితం చక్కగా చదునుగానే కనిపిస్తుంది, పై వరుసల్లోని పేరు మాత్రం మసకగా ఉంటుంది. లేని పిక్సెళ్లను యాప్ తేలేదు. అందుకే ఫోన్‌ను కాగితానికి సరిగ్గా పైన, సమాంతరంగా పట్టుకుని మళ్లీ తీయడమే మేలు. నీడ పడుతుంటే లైటు కిందినుంచి జరిగి కిటికీ పక్కకు రండి. లామినేషన్ ఉంటే ఫ్లాష్ వద్దు.

అంతా బాగానే వచ్చిందనిపించాక కూడా ఒక తప్పు దాగి ఉండొచ్చు. పాత సర్టిఫికెట్లు కొన్ని లీగల్ సైజులో, అంటే దాదాపు 21.6 × 35.6 సెంటీమీటర్లలో ఉంటాయి. యాప్ దాన్ని ఎ4 అనుకుని అందులోకి నొక్కేస్తే నిలువు కొలత ఏడో వంతు తగ్గిపోతుంది. అక్షరాలు చూసి పట్టుకోవడం కష్టం, పొట్టి ఫాంటేమో అనుకుంటాం. పట్టిచ్చేది ఆఫీసు గుండ్రటి సీలు. స్కాన్‌ను పెద్దది చేసి, పిల్లల స్కేలును స్క్రీన్ మీద ఆనించి సీలును కొలవండి. అడ్డంగా 35 మిల్లీమీటర్లు ఉండి నిలువుగా 30 మాత్రమే వస్తే కాగితం నలిగినట్టే. యాప్‌లో పేజీ సైజు దగ్గర ఎ4 ఎంచుకుని ఉంటే లీగల్‌కు మార్చి మళ్లీ స్కాన్ చేయండి. పక్కల తెల్ల ఖాళీ వదిలి ఎ4లో అమర్చినా నష్టం లేదు, సీలు గుండ్రంగా ఉంటే చాలు. గుండ్రటి సీలు లేని కాగితమైతే అసలు పొడవును వెడల్పుతో భాగించి, స్కాన్‌లోనూ అదే వస్తోందో లేదో చూడండి.

నోట్‌బుక్ పేజీ సంగతి వేరు. కుట్టు దగ్గర కాగితం వంపు తిరుగుతుంది. నాలుగు చుక్కలు చదునైన కాగితానికే పనిచేస్తాయి, వంగిన గీతలను నిటారు చేయలేవు. పుస్తకాన్ని పూర్తిగా తెరిచి, పక్క పేజీ మీద బరువైన డిక్షనరీ పెట్టి, ఒక్కో పేజీని విడిగా తీయండి. పెన్సిల్‌తో రాసినవాటికి బ్లాక్ అండ్ వైట్ ఫిల్టర్ వాడకండి, లేత గీతలు మాయమవుతాయి. లేత ఊదా రంగు సీలుకూ అదే గతి పడుతుంది. కలర్‌లోనే ఉంచి పీడీఎఫ్‌గా సేవ్ చేశాక, ఫైలు తెరిచి పై మూలలోని నంబరును ఒకసారి పెద్దది చేసి చదివి చూసి, అప్పుడు అప్‌లోడ్ చేయండి.