సింగపూర్‌కు పోయి రావడానికి ఎంతసేపు?

చెన్నై కంప్యూటరు సింగపూర్‌కు ఒక కబురు పంపి జవాబు అందుకోవాలంటే ఎంతసేపు పడుతుందో లెక్క కట్టాను.

కాంతి శూన్యంలో సెకనుకు 3 లక్షల కి.మీ. పోతుంది. గాజు తీగలో మాత్రం సుమారు 2 లక్షలే. అంటే మిల్లీసెకనుకు 200 కి.మీ. అన్నమాట. ఈ రెండు ఊర్ల మధ్య సముద్రం అడుగున 2002 నుంచి ఉన్న ఐటుఐ కేబుల్ పొడవు సుమారు 3,200 కి.మీ. (పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే ఇంతకన్నా తక్కువే వస్తుంది, కానీ కాంతి తీగ వెంటే కదా పోవాలి!) పోను 16, రాను 16, మొత్తం 32 మిల్లీసెకన్లు. ఎంత ఖరీదైన కంప్యూటరు పెట్టినా ఈ తీగలో ఇంతకన్నా తగ్గదు.

60 వచ్చిందనుకోండి, కబురు చుట్టుదారి పట్టిందో, మధ్యలో రద్దీయో. మరి 10 వస్తే? పోను 5, రాను 5. అంటే జవాబిచ్చిన కంప్యూటరు 1,000 కి.మీ. లోపలే ఉంది, సింగపూర్‌లో లేనే లేదు!