థీసిస్‌ను ఉచిత సైటులో చెక్ చేయించే ముందు

ఒక రీసెర్చ్ స్కాలర్ సిమిలారిటీ రిపోర్టు పట్టుకుని లైబ్రరీలో నా టేబుల్ దగ్గరికి వచ్చింది. ధర్మవరం చేనేత కార్మికుల అప్పుల మీద ఐదేళ్లు కష్టపడి రాసిన థీసిస్ ఆమెది. రిపోర్టులో మొత్తం పోలిక 57 శాతం. "సార్, ఒక్క పేరా కూడా ఎక్కడి నుంచీ ఎత్తలేదండీ" అంటూ కళ్లనీళ్లు పెట్టుకుంది.

"కూర్చోమ్మా" అని రిపోర్టు చివరి పేజీ తీశాను. ఏ సోర్సుతో ఎంత కలిసిందో ఉండేది అక్కడే. మొదటి సోర్సు ఒక్కటే 52 శాతం, మిగతావన్నీ కలిపి 5 శాతం. నిజంగా పలుచోట్ల నుంచి తీసుకున్న థీసిస్‌లో ఇలా ఉండదు. రెండు, మూడు శాతాల చొప్పున చాలా సోర్సులు కనిపిస్తాయి. ఒకే చోట సగం కలిసిందంటే చాలాసార్లు అది మన సొంత ప్రతే అయి ఉంటుంది. ఆ లింకు తెరిచాం. విద్యార్థులకు నమూనా వ్యాసాలు చూపించే సైటు అది. ఆమె నాలుగు అధ్యాయాలూ అందులో ఉన్నాయి, రచయిత పేరు మాత్రం లేదు. ఒక నేత కార్మికుడు తనకు అప్పిచ్చిన షావుకారు గురించి చెప్పిన మాటలు కూడా ఉన్నాయి. పేరు మార్చినా వీధి పేరు అలాగే ఉండిపోయింది.

ఆరు నెలల కిందట ఆమె ఆ అధ్యాయాలను ఒక ఉచిత చెకర్‌లో పెట్టింది. అధికారిక చెక్‌కు ముందు ఒకసారి చూసుకుంటే ధైర్యంగా ఉంటుందనుకుంది. ఖాతా తెరిచేటప్పుడు 'నిబంధనలు అంగీకరిస్తున్నాను' అన్న గడిలో టిక్ పెట్టింది. ఆమె పనిని ఆ నమూనాల సైటులో ప్రచురించుకునే హక్కు ఆ టిక్‌తోనే చెకర్ వాళ్లకు వెళ్లిపోయింది.

ఇది అరుదైన సంగతేమీ కాదు. బ్రిటన్‌లో విద్యార్థులు బాగా వాడిన వైపర్ అనే ఉచిత చెకర్, వ్యాసాలు రాసిపెట్టే వ్యాపారమున్న సంస్థదే. స్కాన్ చేసిన 9 నెలల తర్వాత ఆ వ్యాసాన్ని ఇతర విద్యార్థులకు నమూనాగా తమ సైట్లలో పెట్టుకుంటామని ఒకప్పటి దాని నిబంధనల్లో బాహాటంగానే రాసి ఉండేది. అమెరికాలో కొందరు హైస్కూల్ విద్యార్థులు తమ వ్యాసాలను దాచుకోవద్దని టర్నిటిన్ మీద కోర్టుకెళ్లారు. పోల్చి చూడటం కోసం ప్రతిని దాచుకోవడం న్యాయమైన వినియోగమేనని 2009లో అప్పీలు కోర్టు తేల్చింది. అక్కడ ఆ వ్యాసాలను ఎవరూ బయట ప్రచురించలేదు. అయినా ఒకసారి వాళ్ల చేతికి వెళ్లాక వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఆ తీర్పు చూస్తే తెలుస్తుంది.

ఇక 57 శాతం అంటే ఏం జరుగుతుందో చూడండి. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు శిక్ష లేదు. 10 నుంచి 40 మధ్య ఉంటే ఆరు నెలల్లోపు సవరించి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 మధ్య ఉంటే ఏడాదిపాటు సవరించిన ప్రతి ఇవ్వడానికి వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అసిస్టెంట్ ప్రొఫెసర్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు ఆ ఏడాది అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు.

అయితే శాతం చూసి వెంటనే శిక్ష వేయరు, కమిటీ విచారిస్తుంది. కాబట్టి మేం ఆధారాలు పోగుచేశాం. ఆ చెకర్‌లో ఖాతా తెరిచినప్పుడు వచ్చిన మెయిల్, అంతకు ఏడాది ముందు నుంచి గైడ్‌కు అధ్యాయాలు పంపిన మెయిళ్లు తేదీలతో సహా, ఆమె ఫీల్డ్ నోట్‌బుక్, ఇంటర్వ్యూల రికార్డింగులు. మెయిళ్ల తేదీలు సైటులోని ప్రతి కంటే పాతవి కాబట్టి అసలు ఎవరిదో తేలింది. అది ఆమె సొంత రచనేనని గైడ్ రాసిచ్చారు. ఆ సోర్సును మినహాయించి మళ్లీ రిపోర్టు తీస్తే 5 శాతం వచ్చింది. ఇదంతా తేలడానికి నాలుగు నెలలు పట్టింది. సైటు వాళ్లు పేజీ తీసేశారు. కానీ ఈలోగా దాన్ని ఎవరెవరు దించుకున్నారో చెప్పగలిగేవాళ్లు లేరు. తన వివరాలు బయటికి రావని మాట తీసుకున్నాకే ఆ నేత కార్మికుడు నోరు విప్పాడు. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది అదే.

సైన్స్, ఇంజనీరింగ్ వాళ్లకు ముప్పు ఇంకోటి ఉంది. మన దేశంలో పేటెంటుకు దరఖాస్తు చేసేనాటికి ఆ విషయం ఎక్కడా ప్రచురితమై ఉండకూడదు. మన సమ్మతి లేకుండా ఎవరైనా బయటపెడితే పేటెంట్ల చట్టం 29వ సెక్షన్ కొంత రక్షణ ఇస్తుంది. కానీ ప్రచురించుకోండని నిబంధనలకు టిక్ పెట్టినవాళ్లు 'నా సమ్మతి లేదు' అని ఎలా వాదిస్తారు? పేటెంటు ఆలోచన ఉంటే ముందు దరఖాస్తు చేయండి, చెకింగ్ సంగతి తర్వాత.

ఇంతకీ ఉచిత చెకర్ చెప్పే శాతం పనికొస్తుందా అంటే, పెద్దగా రాదు. చాలా సైట్లు ఒకసారికి వెయ్యి పదాలకు మించి తీసుకోవు. ముక్కలుగా పెడితే మొత్తం శాతం తేలదు. తెలుగు థీసిస్‌ల సంగతి మరీ దారుణం. అను ఫాంట్లలో టైప్ చేసిన ఫైలు యూనికోడ్ కాదు. చెకర్‌కు అందులో పిచ్చి గుర్తులు తప్ప తెలుగు కనిపించదు. అందుకే 'సున్నా శాతం' అని చూపిస్తుంది. ఆ సున్నాను నమ్మి సంబరపడినవాళ్లను చూశాను.

క్యాంపస్ గేటు బయట జిరాక్స్ షాపుల్లో, టెలిగ్రామ్‌లో డబ్బు తీసుకుని ఇచ్చే టర్నిటిన్ రిపోర్టులూ ఇలాంటివే. అవి ఎవరి ఖాతాలోంచి వస్తాయో మీకు తెలియదు. ఆ ఖాతాలో ప్రతి భద్రపరిచే సెట్టింగ్ ఉంటే, రేపు మీ అసలు రిపోర్టులో 'Submitted to' అని మీరెప్పుడూ వినని కాలేజీ పేరు, పక్కన 'Student Paper' అని కనిపిస్తాయి. దాన్ని తొలగించమని అడగాల్సింది ఆ ఖాతా ఉన్న సంస్థే. మీరడిగితే జరగదు.

తప్పనిసరిగా ఏదైనా సైటు వాడాల్సి వస్తే ముందు దాని నిబంధనల పేజీ తెరిచి Ctrl+F నొక్కి perpetual, sublicense, retain, third party అన్న మాటలు వెతకండి. మొదటి రెండిట్లో ఏది కనిపించినా, మీ రచన మీద శాశ్వత హక్కో, దాన్ని ఇంకొకరికి ఇచ్చే హక్కో అడుగుతున్నారేమో చూడండి. అడుగుతుంటే ఆ పేజీ మూసేయండి. retain దగ్గర ఎన్ని రోజులు దాచుకుంటారో, third party దగ్గర ఎవరికి ఇస్తారో చదవండి. సర్టిఫికెట్ పేజీ, సంతకాలు, ఫోన్ నంబర్లున్న అనుబంధాలు, ఇంటర్వ్యూలు ఎక్కడా పెట్టకండి. ఏదో ఒక వాక్యం మీదే అనుమానమైతే, దాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతికితే సరిపోతుంది.

అసలు దారి మీ లైబ్రరీలోనే ఉంది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ 2019 నుంచి శోధ్‌శుద్ధి పథకం కింద విశ్వవిద్యాలయాలకు చెకింగ్ సాఫ్ట్‌వేర్ ఇస్తోంది. అక్కడ కూడా ఒక జాగ్రత్త కావాలి. డ్రాఫ్టును రిపోజిటరీలో చేరిస్తే, తుది ప్రతి దానితోనే కలిసి తొంభై శాతం దాటుతుంది. అందుకని ఫైలు ఇచ్చే ముందు గైడ్‌కో లైబ్రేరియన్‌కో రెండు లైన్ల మెయిల్ పెట్టండి: "సార్, ఇది డ్రాఫ్టు మాత్రమే. దయచేసి 'No repository' సెట్టింగ్‌తో చెక్ చేయించగలరు." ఆ మెయిల్‌ను డిగ్రీ చేతికొచ్చేదాకా డిలీట్ చేయకండి.